పింఛను లేనివాళ్ల పొదుపు ఎన్నేళ్లు వస్తుంది: తీసే రేటు లెక్క, దశలవారీగా

"కోటి రూపాయలుంటే నెలకు ఎంత తీసుకోవచ్చు?" అని చాలామంది అడుగుతుంటారు. ఒక్క అంకెతో జవాబు చెప్పడం కుదరదు. ఎంత ఉంది, ఏటా ఎంత తీస్తారు, ఎన్నేళ్లు తీయాలి, ఈ మూడూ కలిస్తేనే లెక్క. ప్రభుత్వ పింఛనుగానీ, బీమా కంపెనీ ఇచ్చే యాన్యుటీగానీ ఉన్నవాళ్లకు ఎంతకాలం బతికినా ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. అది లేనివాళ్లకు ఎక్కువకాలం బతకడమే ఖర్చు. ఈ మార్గదర్శి వాళ్ల కోసం.

లెక్కంతా ఒకే ఇంటి మీద చూపిస్తాను. మా చిన్నాన్న గాజువాక ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడిపాడు. మోకాళ్లు సహకరించక 61 ఏళ్లకు షెడ్డు అమ్మేశాడు. పిన్నికి 56. షీలానగర్‌లో సొంత ఇల్లు, పైన ఒక పోర్షను ఖాళీగా ఉంది. పింఛను లేదు, పీఎఫ్ లేదు. షెడ్డు అమ్మగా పన్ను పోను మిగిలింది, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు, అన్నీ కలిపి 1.42 కోట్లు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి:

- గత 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫోన్ పేమెంట్ల జాబితా
- డిపాజిట్లు, ఫండ్లు, పోస్టాఫీసు ఖాతాల వివరాలు, ఎవరి పేరున ఉన్నాయో సహా
- ఆరోగ్య బీమా పాలసీ, దాని తాజా ప్రీమియం రసీదు
- ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఒక స్ప్రెడ్‌షీట్

## 1. ఏడాది ఖర్చు తేల్చండి, నెల ఖర్చు కాదు

"ఏట్రా, నెలకు 35 వేలతో సుఖంగా గడిచిపోతోంది గదా, ఇంత లెక్కెందుకు?" అన్నాడు చిన్నాన్న. ఆయన అబద్ధం చెప్పలేదు. నెలనెలా అయ్యేది నిజంగా 35 వేలే. అంటే ఏడాదికి 4.20 లక్షలు.

స్టేట్‌మెంట్లు ముందేసుకుని కూర్చున్నాక ఏడాదికోసారి వచ్చేవి ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఇద్దరి ఆరోగ్య బీమా ప్రీమియం 54 వేలు. కారుకు పెట్రోలు, బీమా, సర్వీసింగ్ కలిపి 60 వేలు. ఇంటి పన్ను, నీటి పన్ను 6 వేలు. పెళ్లిళ్లలో చదివింపులు, పండక్కి పిల్లలకు బట్టలు 25 వేలు. యాత్రలు, ప్రయాణాలు 35 వేలు. మొత్తం 1.80 లక్షలు. అసలు ఖర్చు ఏడాదికి 4.20 కాదు, 6 లక్షలు.

దాదాపు ప్రతి ఇంట్లోనూ తప్పు ఇక్కడే మొదలవుతుంది. మొదటి అంకె తప్పయితే తర్వాత ఎంత జాగ్రత్తగా లెక్కేసినా ప్రయోజనం లేదు.

ఇప్పుడు ఆ 6 లక్షల్ని రెండుగా విడదీయండి. తప్పనివి ఒకవైపు, ఒక ఏడాది ఆపినా ఇల్లు నడిచేవి మరోవైపు. చిన్నాన్న ఇంట్లో రెండో వైపుకు వచ్చినవి చదివింపులు, యాత్రలు: 60 వేలు. ఈ 60 వేలను గుర్తుపెట్టుకోండి, ఏడో దశలో పని పడుతుంది.

## 2. ముట్టకూడని సొమ్ము ముందే పక్కన పెట్టండి

ఉన్న డబ్బంతా నెలవారీ ఖర్చుకు కాదు. పెద్ద ఖర్చులు కొన్ని ఎప్పుడొస్తాయో తెలియదు, కానీ వస్తాయి.

చిన్నాన్న పక్కన పెట్టినవి ఇవి. బీమా చెల్లించని వైద్య ఖర్చులకు 12 లక్షలు. ఇంటి మరమ్మతులకు 6 లక్షలు. విశాఖలో ఈ రెండోది వదిలేయడానికి లేదు. సముద్రపు గాలికి స్లాబులో ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, పెచ్చులు ఊడిపడతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీలు, నీళ్ల ట్యాంకులు పోగొట్టుకున్న ఇళ్లకు ఆ ఖర్చు ఎలా మీద పడుతుందో చెప్పక్కర్లేదు. కూతురికి ఇస్తానన్న బాకీ ఇంకో 4 లక్షలు.

1.42 కోట్లలో ఈ 22 లక్షలు పోగా మిగిలింది 1.20 కోట్లు. ఇక్కణ్నుంచి లెక్కకు ఈ 1.20 కోట్లే మూలం. సొంత ఇంటి విలువ ఇందులో కలపలేదు. అందులో కాపురం ఉంటూ దాన్నే ఖర్చు పెట్టుకోలేం కదా.

## 3. ఎవరి వయసు దాకా లెక్కేయాలి

భారతదేశంలో 60 ఏళ్లకు చేరినవాళ్లు సగటున మరో 18 ఏళ్ల దాకా బతుకుతారని గణాంకాలు చెబుతాయి. ఈ అంకె చూసి 78 దాకా లెక్కేస్తే దెబ్బతింటారు. సగటు అంటేనే చాలామంది అది దాటతారని. పైగా జనంలో అందరినీ కలిపి తీసిన సగటు అది. మందులకు, మంచి తిండికి లోటు లేని ఇంట్లో ఆయుష్షు ఇంకా పెరుగుతుంది.

భార్యాభర్తలిద్దరి విషయంలో ఇంకో మెలిక ఉంది. ఉదాహరణకు ఆయన 90 చేరే అవకాశం 5లో 1, ఆమె చేరే అవకాశం 4లో 1 అనుకుందాం. ఇద్దరిలో కనీసం ఒకరు చేరే అవకాశం ఎంత? ఇద్దరూ చేరకపోయే అవకాశం 0.80 × 0.75, అంటే 0.60. కనుక ఒక్కరైనా చేరే అవకాశం 40 శాతం. విడివిడిగా చూస్తే చిన్నగా కనిపించిన అంకె, కలిపి చూస్తే తోసిపుచ్చలేనిది అయింది.

అందుకని నా పద్ధతి ఇది: ఇద్దరిలో చిన్నవారి వయసు తీసుకుని 92 దాకా లెక్కేస్తాను. మన ఇళ్లలో చిన్నవారు సాధారణంగా భార్యే. పిన్నికి 56 కాబట్టి 36 ఏళ్లు. చిన్నాన్న తన వయసు పట్టుకుని 20 ఏళ్లు చాలనుకున్నాడు. ఆ తేడా 16 ఏళ్లు, అదంతా పిన్ని ఒక్కర్తే గడపాల్సిన కాలం.

## 4. తీసే రేటు, ఎన్నేళ్లు వస్తుంది

మొదటి ఏడాది తీసే మొత్తాన్ని మూల నిధితో భాగిస్తే వచ్చేది తీసే రేటు. చిన్నాన్నకు 6 లక్షలు భాగించు 1.20 కోట్లు, అంటే 5 శాతం. దీన్నే తిరగేసి చెబితే ఏడాది ఖర్చుకు 20 రెట్ల డబ్బు ఉంది. నాకు ఈ రెట్ల లెక్కే సులువు. ఎందుకంటే మీ పొదుపు మీద రాబడి, ధరల పెరుగుదల సరిసమానంగా ఉంటే, ఎన్ని రెట్లుంటే అన్నేళ్లే డబ్బు వస్తుంది. 20 రెట్లకు 20 ఏళ్లు. రాబడి ధరల కన్నా ఒక శాతం ఎక్కువుంటే కొంచెం సాగుతుంది, తక్కువుంటే కొంచెం తరుగుతుంది.

ధరల పెరుగుదలను 6 శాతం పెట్టండి. రిజర్వు బ్యాంకు లక్ష్యం 4 శాతమే, పై హద్దు 6. కానీ ముసలితనంలో ఇంటి ఖర్చులో మందులు, ఆసుపత్రి, పనిమనిషి జీతం వాటా పెరుగుతుంది, ఇవి మామూలు ధరల కన్నా వేగంగా పెరిగే రకాలు. అందుకే పై హద్దు తీసుకోవడం మేలు.

| ఖర్చుకు ఎన్ని రెట్లు | తీసే రేటు | రాబడి 5% | రాబడి 6% | రాబడి 7% |
|---|---|---|---|---|
| 20 | 5% | 18 ఏళ్లు | 20 ఏళ్లు | 22 ఏళ్లు |
| 25 | 4% | 22 ఏళ్లు | 25 ఏళ్లు | 28 ఏళ్లు |
| 30 | 3.3% | 26 ఏళ్లు | 30 ఏళ్లు | 35 ఏళ్లు |

ఇందులో ఏటా తీసే మొత్తం 6 శాతం చొప్పున పెరుగుతుందని, రాబడి పన్ను పోగా మిగిలేదని గుర్తుంచుకోండి. మీ సొంత అంకెలకు స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క సూత్రం చాలు. B1లో మూల నిధి, B2లో మొదటి ఏడాది తీసేది, B3లో రాబడి (7% అని టైపు చేయండి), B4లో ధరల పెరుగుదల (6%) పెట్టి, B5లో ఇది రాయండి:

```
=NPER((1+B3)/(1+B4)-1, -B2, B1, 0, 1)
```

వచ్చే అంకె ఎన్నేళ్లన్నది. అంకెకు బదులు `#NUM!` అని వస్తే కంగారు పడకండి, ఆ లెక్కన డబ్బు ఎప్పటికీ అయిపోదని అర్థం. అయితే రాబడి మరీ ఎక్కువగా రాసుకున్నారేమో ఓసారి చూసుకోండి.

చిన్నాన్న అంకెలు వేస్తే 22 వచ్చింది. అప్పటికి పిన్నికి 78. కావాల్సింది 92.

ఇంటర్నెట్‌లో కనిపించే "4 శాతం నియమం" గురించి ఒక మాట. 1994లో విలియం బెంగెన్ అమెరికా షేర్లు, బాండ్ల పాత రికార్డుల మీద వేసిన లెక్క అది, 30 ఏళ్ల కాలానికి. డబ్బులో సగం, అంతకు పైగా షేర్లలో ఉంచినవాళ్లకు సరిపోయిన అంకె. ధరలు అక్కడికన్నా వేగంగా పెరిగే చోట, షేర్లు తక్కువగా ఉంచుకునే ఇంట్లో, 36 ఏళ్లకు దాన్ని తెచ్చి పెట్టుకోకూడదు. మన దగ్గర భార్యాభర్తలకు 3 నుంచి 3.5 శాతం మధ్య నడిస్తే నిశ్చింత, 4 దాటితే ఏటా కాపలా కాయాల్సిందే అన్నది నా అభిప్రాయం.

## 5. లోటు పూడ్చే వరస

లోటు కనబడగానే ఎక్కువ రాబడి కోసం వెతకడం మొదలుపెడతారు. 12 శాతం, 15 శాతం ఇస్తామనేవాళ్ల వలలో పడేది సరిగ్గా ఈ దశలోనే. వరస తిరగేయండి. ముందు తీసే మొత్తాన్ని తగ్గించే దారులు చూడండి, రాబడి చివర్న.

చిన్నాన్న ఇంట్లో జరిగింది ఇదీ:

పై పోర్షను నెలకు 9 వేలకు అద్దెకిచ్చారు. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుని 11 నెలలే లెక్కేశాం: 99 వేలు. గోడలకు సున్నం వేయించడానికి, చిన్న రిపేర్లకు 15 వేలు తీసేస్తే చేతికొచ్చేది 84 వేలు. అద్దె ధరలతోపాటు పెరుగుతుంది కాబట్టి వడ్డీ కన్నా నమ్మకమైన తోడు.

కారు అమ్మేశారు. దీనికి మాత్రం ఇంట్లో వారం రోజులు మౌనవ్రతం నడిచింది. ఏడాదికి 60 వేలు మిగిలింది. ఆటోలకయ్యే ఖర్చు నెలవారీ 35 వేలలోనే సర్దుకుంటామన్నారు. కారు అమ్మిన డబ్బు మరమ్మతుల నిధికి చేరింది.

ఇప్పుడు పొదుపులోంచి తీయాల్సింది 6 లక్షలు కాదు, 4.56 లక్షలు. అంటే 26.3 రెట్లు, 3.8 శాతం. సూత్రంలో పెడితే 30 ఏళ్లు. పిన్నికి 86.

మూడోది, ఆయన తెలిసినవాళ్ల షెడ్డులో రోజుకు మూడు గంటలు కూర్చుని పనులు చూసుకోవడానికి ఒప్పుకున్నాడు. నెలకు 12 వేలు, మూడేళ్లు. మొదటి మూడేళ్లు అంత తక్కువ తీస్తే చాలు. దానితో 31 ఏళ్లు, పిన్నికి 87.

ఇంకా 5 ఏళ్లు తక్కువే. అది ఎలా పూడుతుందో లెక్కలో చూపించడానికి చిన్నాన్న ముందు ఒక ఇబ్బందికరమైన మాట చెప్పాల్సి వచ్చింది. ఇద్దరిలో ఒకరే మిగిలాక ఖర్చు సగం కాదు, దాదాపు మూడింట రెండొంతులకు తగ్గుతుంది. ఇంటి పన్ను, కరెంటు, పనిమనిషి అలాగే ఉంటాయి. తిండి, మందులు, ప్రీమియం తగ్గుతాయి. ఆయన 83 దాకా ఉంటే పిన్నికి అప్పుడు 78. ఇద్దరి ఖర్చు లెక్కన మిగిలిన 9 ఏళ్ల డబ్బు, ఒక్కరి ఖర్చుకు 14 ఏళ్లు వస్తుంది. 78కి 14 కలిపితే 92. "పరవాలేదు, చెప్పు, నేనేం చిన్నపిల్లాణ్నా" అన్నాడు చిన్నాన్న. పిన్ని మాత్రం లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆయన ఇంకా ఎక్కువకాలం ఉంటే? అప్పుడు ఈ లెక్క కాస్త బిగుస్తుంది, ఇల్లు ఆఖరి నిల్వగా పనికొస్తుంది: అమ్మి చిన్న ఇంట్లోకి మారడమో, ఇంట్లోనే ఉంటూ దాన్ని బ్యాంకుకు తాకట్టు పెట్టి డబ్బు తీసుకునే రివర్స్ మార్ట్‌గేజో. అందుకే ఇంటిని మూల నిధిలో కలపలేదు.

## 6. డబ్బు మూడు డబ్బాల్లో, తీసే వరసతో

ఎంత తీయాలో తేలింది. ఎక్కడ్నుంచి తీయాలన్నది కూడా అంతే ముఖ్యం.

మొదటి డబ్బా, 9 లక్షలు. రెండేళ్ల ఖర్చు. సేవింగ్స్ ఖాతా, ఏడాదిలోపు డిపాజిట్లు. ఇక్కణ్నుంచి ప్రతి నెలా 1వ తేదీన 38 వేలు ఇంటి ఖర్చు ఖాతాలోకి వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించాం (జీతం వచ్చే మూడేళ్లూ 26 వేలే). జీతం పడినట్టు పడుతుంది. ఎక్కువ కావాలంటే ఇద్దరూ మాట్లాడుకుని బ్యాంకుకు వెళ్లాలి. ఆ చిన్న అడ్డే చాలా కాపాడుతుంది.

రెండో డబ్బా, 71 లక్షలు. ఇందులో 30 లక్షలు చిన్నాన్న పేరున సీనియర్ సిటిజెన్స్ సేవింగ్స్ స్కీములో. ఒక్కరికి గరిష్ఠం అంతే. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, అది మొదటి డబ్బాలో పడుతుంది. మిగిలిన 41 లక్షలు ఒకటి నుంచి ఐదేళ్ల దాకా, ఏటా ఒక భాగం మెచ్యూర్ అయ్యేలా ఐదు మెట్ల డిపాజిట్లు. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి వడ్డీతో కలిపి 5 లక్షల వరకే, కాబట్టి అన్నీ ఒకే బ్యాంకులో వద్దు.

మూడో డబ్బా, 40 లక్షలు. ఇండెక్స్ ఫండ్లు, అంటే సెన్సెక్స్ లాంటి సూచీలో ఉన్న షేర్లనే కొనే ఫండ్లు. ధరలను మించి పెరిగే అవకాశం ఉన్నది ఇదొక్కటే. పడేది కూడా ఇదే.

తీసే వరస: మొదటి డబ్బాలోకి స్కీము వడ్డీ ఏడాదికి 2.46 లక్షలు వస్తుంది. తీసేది 4.56 లక్షలు. తగ్గిన 2.10 లక్షలు ఆ ఏడు మెచ్యూర్ అయిన డిపాజిట్ నుంచి. మిగిలింది మళ్లీ ఐదేళ్లకు వేసేయాలి. షేర్లు బాగా పెరిగిన ఏడాది మూడో డబ్బా మొత్తంలో మూడో వంతు దాటితే, దాటినంత అమ్మి రెండో డబ్బాలో వేయాలి. పడిన ఏడాది మూడో డబ్బా మూత తీయకూడదు.

మూత తీయకుండా ఎన్నేళ్లు ఉండగలరు? 2008 జనవరి శిఖరం నుంచి పడిన సెన్సెక్స్ మళ్లీ అక్కడికి చేరడానికి సుమారు మూడేళ్లు పట్టింది. ఇక్కడ మొదటి రెండు డబ్బాల్లో పదేళ్లకు పైగా ఖర్చు ఉంది.

## 7. చెడ్డ ఏడాది మొదట్లో వస్తే

4వ దశ పట్టికలో రాబడి ఏటా ఒకేలా వస్తుందని అనుకున్నాం. నిజంలో అలా రాదు, సగటు బాగున్నా వరస దెబ్బ తీస్తుంది.

2008లో సెన్సెక్స్ సుమారు 52 శాతం పడింది. చిన్నాన్న డబ్బులో మూడో వంతే షేర్లు కాబట్టి, మిగతా డబ్బు మీద వడ్డీ కలుపుకుంటే మొత్తం మీద 13 శాతం దాకా తగ్గేది. జాగ్రత్త కోసం 15 శాతం అనుకుందాం.

అలాంటి ఏడాది మొదట్లోనే వస్తే: 1.20 కోట్లలో 4.56 లక్షలు తీశాక 1.15 కోట్లు, 15 శాతం పోతే 98 లక్షలు. రెండో ఏడు తీయాల్సింది 4.83 లక్షలు. రేటు 3.8 నుంచి 4.9 శాతానికి ఎగబాకింది. తర్వాత ప్రతి ఏడూ 7 శాతం వచ్చినా, 30 ఏళ్లు రావాల్సిన డబ్బు 23 ఏళ్లకే అయిపోతుంది.

అదే దెబ్బ 20 ఏళ్ల తర్వాత తగిలితే? 28 ఏళ్లు వస్తుంది. ఒకే దెబ్బ, మొదట్లో ఆరేళ్లకు పైగా తినేసింది, చివర్లో రెండేళ్లు. కారణం తేలికే: మొదట్లో నిధి పెద్దది, దాని మీద ఆధారపడ్డ ఏళ్లు ఎక్కువ. అందుకని పని మానేసిన మొదటి పదేళ్లు ఎక్కువ జాగ్రత్త.

కనిపెట్టేదెలా? ప్రతి ఏప్రిల్ మొదటి వారంలో B1లో ఆనాటి నిధి, B2లో రాబోయే ఏడాది తీయబోయేది పెట్టి సూత్రం మళ్లీ నడపండి. వచ్చిన ఏళ్లకు చిన్నవారి వయసు కలపండి. దీన్ని మేం "డబ్బు అయిపోయే వయసు" అంటాం. మొదలుపెట్టినప్పుడు పిన్నికి అది 86.

- 84 లేదా ఆపైన ఉంటే: ధరలతోపాటు పెంచి మామూలుగా తీసుకోండి.
- 84 కన్నా తగ్గితే: ఆ ఏడు పెంపు లేదు, 1వ దశలో విడదీసిన 60 వేలు ఆపేయాలి.
- 95 దాటితే: వాయిదా వేసిన యాత్రకు వెళ్లొచ్చు.

పైన చెప్పిన చెడ్డ ఏడాది తర్వాత లెక్కేస్తే పిన్నికి 57, డబ్బు 22 ఏళ్లు, అంటే 79. హద్దు కిందకు వచ్చేసింది. పెంపు ఆపి, 60 వేలు తీసేసి 3.96 లక్షలు పెడితే 28 ఏళ్లు, 85. ఈ కోత ఒక్క ఏడాదితో సరిపోదు, మార్కెట్ కోలుకుని, కోత లేకుండా వేసిన అంకె మళ్లీ 84 పైకి వచ్చే దాకా ఉండాలి.

## 8. తరచూ జరిగే తప్పులు

"వడ్డీతోనే బతికేస్తాం, అసలు ముట్టం." అన్నిటికన్నా ఎక్కువగా వినేది, అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ ఇదే. 1.20 కోట్ల మీద 7 శాతం వడ్డీ 8.40 లక్షలు. 6 లక్షల ఖర్చున్న ఇంట్లో బోలెడు మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ ఆ 6 లక్షల ఖర్చు 6 శాతం చొప్పున పెరిగి ఏడో ఏట 8.50 లక్షలవుతుంది, వడ్డీ మాత్రం అదే 8.40. మొదటి ఆరేళ్లలో మిగిలిన వడ్డీని మళ్లీ డిపాజిట్ చేసినవాళ్లకు 22 ఏళ్లు వస్తుంది. మొదటి ఏడే 8.40 లక్షల స్థాయి బతుకు మొదలుపెట్టి అదే కొనసాగించినవాళ్లకు 15 ఏళ్లు. సవరణ: వడ్డీ ఎంత వచ్చిందని చూడకండి, తీసే రేటు ఎంతో చూడండి. మిగిలిన వడ్డీ మీ ఆదాయం కాదు, అది రాబోయే ఏళ్ల ధరల పెంపుకు కట్టాల్సిన బాకీ.

అంతా డిపాజిట్లలోనే పెట్టడం. పడదు, నిజమే. కానీ రేట్లు తగ్గిన కాలంలో రెన్యువల్ చేస్తే 5 శాతం దగ్గరికి రావచ్చు, అప్పుడు పట్టికలో మొదటి గడి మీది. షేర్లంటే టెన్షన్ ఉన్నవాళ్లు మూడో వంతుకు బదులు పావు వంతు పెట్టుకోండి, సున్నా మాత్రం వద్దు.

పన్ను భయంతో తప్పు పేరున పెట్టడం. భర్త డబ్బు భార్య పేరున వేసినా దాని మీద వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది. పైగా కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు వడ్డీ ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు, కాబట్టి ఈ స్థాయి ఇంట్లో ఆ తంటా అనవసరం. ఫండ్లు అమ్మినప్పటి లాభానికి మాత్రం ఆ రిబేటు వర్తించదు, దాని లెక్క వేరు.

పిల్లలకు అప్పు. రెండో డబ్బాలోంచి 10 లక్షలు తీసి కొడుకు ఫ్లాటుకు ఇస్తే చిన్నాన్న ఇంట్లో డబ్బు అయిపోయే వయసు 86 నుంచి 83కి వస్తుంది. ఇవ్వొద్దనను. ఆ అంకె కొడుక్కి చూపించి ఇవ్వండి.

ఒక్కరికే తెలియడం. లెక్కంతా పిన్ని 92 దాకా వేసి, ఖాతాలు, పాస్‌వర్డ్‌లు, డిపాజిట్ రసీదులు చిన్నాన్నకు మాత్రమే తెలిస్తే ఏం లాభం? నేను వెళ్లేసరికి ఆయన రసీదులు పాత వెల్డింగ్ రాడ్ల డబ్బాలో ఉన్నాయి.

ఏప్రిల్‌లో కూర్చున్నప్పుడు చూసుకోవాల్సినవి:

- [ ] మూడు డబ్బాల్లో ఎంతెంత ఉందో, మొత్తం ఎంతో రాశారా
- [ ] గడిచిన ఏడాది నిజంగా ఎంత తీశారో స్టేట్‌మెంట్‌తో సరిచూశారా
- [ ] డబ్బు అయిపోయే వయసు ఎంత వచ్చింది, నిరుటి కన్నా పెరిగిందా తగ్గిందా
- [ ] వైద్య నిధి 12 లక్షలు వడ్డీతో పెరుగుతూ ఉందా, వాడి ఉంటే నింపే దారేమిటి
- [ ] ప్రతి ఖాతాకూ నామినీ ఉన్నారా, ఉమ్మడి ఖాతాలు ఇద్దరిలో ఎవరైనా నడిపేలా ఉన్నాయా
- [ ] స్ప్రెడ్‌షీట్ ఈసారి ఎవరు నింపారు

ఈ ఏప్రిల్‌లో పిన్ని నింపింది. B4లో 6కి బదులు 7 పెట్టి, "మందుల షాపు వాడికి నీ 6 శాతం తెలీదు బాబూ" అంది. వచ్చిన అంకె చూసుకుని ఆ ఏడు యాత్రల డబ్బులోంచి 15 వేలు తనే కొట్టేసింది.